డాక్టర్ సలహా: మతిమరుపు కాదేమో, నమ్మకం పోతోందేమో!

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. బ్యాంకులో క్యాషియర్‌ని. అక్కడ ఒక్క రూపాయి తేడా రాదు. ఇంట్లో మాత్రం మావారు ఒక మాట అని, తర్వాత ‘నేనెప్పుడన్నాను? నీకు మతి పోతోంది’ అంటారు. ఇప్పుడు స్టవ్ కట్టేశానో లేదో కూడా మూడు నాలుగుసార్లు చూసుకుంటున్నాను. ఇది నన్ను నేనే అనుమానించుకునేలా చేసే గ్యాస్‌లైటింగా, నిజంగా మతిమరుపా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మెదడులో జబ్బు వల్ల వచ్చే మతిమరుపు మనిషిని చూసి రాదు. అది క్యాష్ కౌంటర్ దగ్గరా కనిపిస్తుంది, వంటింట్లోనూ కనిపిస్తుంది. మీకు ఒక్కరి ముందే తడబాటు వస్తోందంటే దెబ్బ తిన్నది జ్ఞాపకం కాకపోవచ్చు, దాని మీద మీకున్న నమ్మకం. అయినా థైరాయిడ్, బి12 పరీక్షలు ఒకసారి చేయించుకోండి. నిద్ర సరిగా పడుతోందో లేదో కూడా గమనించుకోండి.

స్టవ్ సంగతి చూద్దాం. నెదర్లాండ్స్ పరిశోధకులు కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్‌ను కొందరిచేత పదేపదే చెక్ చేయించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఏ బర్నర్లు చూశారో వాళ్లు దాదాపు సరిగ్గానే చెప్పగలిగారు. కానీ ఆ దృశ్యం మసకబారింది, ‘నాకు గుర్తుంది’ అనే ధీమా తగ్గింది. అంటే అనుమానంతో ఎన్నిసార్లు చూస్తే అనుమానం అంత పెరుగుతుంది. ఇంట్లో ఒకరు రోజూ ‘నీకు గుర్తుండదు’ అంటుంటే ఈ చక్రం ఆగదు. అందుకే స్టవ్ కట్టేటప్పుడు ‘కట్టేశాను’ అని పైకి అనుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

ఇక గ్యాస్‌లైటింగ్ అనేది జబ్బు పేరు కాదు. నేను విన్నది ఒకవైపే కాబట్టి మీవారికి ఆ ముద్ర వేయలేను. తేడా ఎలా తెలుస్తుందో చెబుతాను. ఆదివారం మీ అమ్మగారింటికి వెళ్దామని మీవారు అన్నారనుకోండి. తర్వాత ఆయన ‘నేను వచ్చేవారం అన్నట్టు గుర్తు’ అంటే అది అభిప్రాయభేదం. గట్టిగా అరిచి చెప్పినా అంతే, ఎందుకంటే గొడవ ఆదివారం గురించే. ‘నీ బుర్ర పనిచేయట్లేదు, మీ అమ్మకీ ఇంతే’ అంటే ఆదివారం పక్కకు పోయింది, విచారణ మీ బుర్ర మీదకు వచ్చింది. ఆయన పంపిన మెసేజ్ చూపించినప్పుడు నిజంగా మర్చిపోయిన మనిషి ‘అరె, నేనే అన్నానే’ అంటాడు. ‘నా మీద నిఘా పెట్టావా?’ అని ఎదురు తిరగడం, అదీ మళ్లీ మళ్లీ జరగడం నన్ను కలవరపెడుతుంది.

జరిగిన మాటలు తేదీ వేసి రెండు ముక్కల్లో రాసుకోండి. ఆయనతో వాదించడానికి కాదు, మీరు చదువుకోవడానికి. అది ఆయన కంటపడితే ప్రమాదమనిపిస్తే ఇంట్లో ఉంచకండి. మీ అక్కకో, దగ్గరి స్నేహితురాలికో చదివి వినిపించండి. మనసు బాగా కుంగితే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఇంట్లో భయంగా ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. మాటలతో, మానసికంగా హింసించడం కూడా 2005 గృహహింస చట్టం కిందికే వస్తుంది.