యాంగిల్ బీమ్ మూలలో స్ట్రెస్ 16 కాదు, 39

“ఆటోనగర్ షాపులో ర్యాక్ బీమ్‌కి 100×100×10 యాంగిల్, ఒక కాలు నిలువుగా. 1 kN·m మూమెంట్‌కి కాళ్లు కలిసే మూలలో నాకు 16 MPa, సాఫ్ట్‌వేర్‌లో 39. ఏది కరెక్ట్?”

సాఫ్ట్‌వేరే కరెక్టండీ. మీరు వాడిన అడ్డ అక్షం ప్రిన్సిపల్ యాక్సిస్ కాదు. సమాన కాళ్ల యాంగిల్‌కి అవి 45 డిగ్రీల్లో ఉంటాయి, I విలువలు సుమారు 287, 73 cm⁴. మూమెంట్‌ని విడదీస్తే చెరో 0.707 kN·m.

మూల సిమెట్రీ అక్షం మీదే ఉంది కాబట్టి 287 వైపు నుంచి అక్కడ స్ట్రెస్ సున్నా. మిగిలింది బలహీన అక్షం, దూరం 40.6 mm:

```
0.707e6 × 40.6 / 73.4e4 = 39 MPa
```

న్యూట్రల్ యాక్సిస్ దాదాపు 31 డిగ్రీలు వాలుతుంది, అందుకే బీమ్ పక్కకి కూడా వంగుతుంది. లోడు ఆ మూల మీదుగా పోకపోతే మెలి కూడా తోడవుతుంది, ఈ లెక్కలో అది లేదు.