లోహపు వాల్వ్ ఉన్నవాళ్లు ఆకుకూరలు తినవచ్చా?

"మా నాన్నగారికి రెండు నెలల కిందట గుండె ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రామ్ వేసుకుంటున్నారు. ఆకుకూరలు ముట్టుకోవద్దని చెప్పి పంపించారు. ఆయనకు గోంగూర, తోటకూర లేనిదే ముద్ద దిగదు. నిజంగా జీవితాంతం మానేయాల్సిందేనా?"

మానేయాల్సిన అవసరం లేదు. నాకూ ఇదే మాట చెప్పారు. తొమ్మిది నెలలు నోరు కట్టుకుని పాటించాను, చివరికి అదే నన్ను ఇబ్బందుల్లోకి నెట్టింది.

చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల నా మైట్రల్ వాల్వ్ దెబ్బతింది. దాని స్థానంలో లోహపు వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో అంకెలో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని నాకు గీత గీశారు. తక్కువైతే వాల్వ్ మీద రక్తం గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట రక్తస్రావం మొదలవుతుంది. మీ నాన్నగారికి మార్చినది ఏ వాల్వ్ అన్నదాన్ని బట్టి ఆ గీత వేరుగా ఉండవచ్చు, డాక్టరును అడిగి అంకె రాసి పెట్టుకోండి.

మొదటి తొమ్మిది నెలలు ఇంట్లో ఆకు అన్నది లేదు. వంకాయ, సొరకాయ, దొండకాయ, చారు. రోజుకు 2 మిల్లీగ్రాముల మాత్రతో ఐఎన్ఆర్ 2.8 దగ్గర నిలిచింది. తరువాత మా ఆడపడుచు కూతురి పెళ్లికి ఊరు వెళ్లాం. పెరట్లో మడి నిండా తోటకూర. పొద్దున పప్పులో, సాయంత్రం వేపుడుగా, మర్నాడు పులుసుగా, వారం రోజులు ఆవురావురుమని తిన్నాను. తిరిగి వచ్చాక పరీక్ష చేయిస్తే 1.6. డాక్టరు మాత్ర 3 మిల్లీగ్రాములకు పెంచారు. తోటకూర సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇక్కడ తప్పు నాది.

ఇంటికి రాగానే మళ్లీ పాత పథ్యం. అంటే మాత్ర పెరిగింది, ఆకు సున్నా అయింది. పన్నెండో రోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి వచ్చే రక్తం ఎంతకీ ఆగలేదు. అంతకు రెండు రోజుల ముందు బస్సులో కడ్డీ తగిలిన చోట చెయ్యి అరచేయంత మేర నల్లగా కమిలి ఉంది. ఐఎన్ఆర్ 6.1. పెద్ద రక్తస్రావం లేదు కాబట్టి రెండు రోజులు మాత్ర ఆపించి, మళ్లీ పరీక్ష చేసి, మాత్రను తిరిగి 2 మిల్లీగ్రాములకు తెచ్చారు. ఇలాంటప్పుడు లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వడానికి డాక్టర్లు తొందరపడరు, ఎందుకంటే ఐఎన్ఆర్ ఒక్కసారిగా పడిపోతే వాల్వ్‌కే ముప్పు.

ఇదంతా ఎందుకు జరిగిందో తెలిస్తే మీ నాన్నగారి కంచం మీరే సర్దగలరు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. ఒకసారి వాడిన విటమిన్‌ను శరీరం పారేయదు, బాగుచేసుకుని మళ్లీ వాడుకుంటుంది. అసిట్రామ్, అదే కోవకు చెందిన వార్ఫరిన్ రెండూ అడ్డుకునేది ఆ బాగుచేసే పనినే. మనం ఆకుకూర తిన్నప్పుడు కొత్త విటమిన్ నేరుగా అందుతుంది, మాత్ర అంతమేర ఓడిపోతుంది. అసలు ఆకే తినని మనిషి ఒంట్లో నిల్వ చాలా తక్కువ. అలాంటివాళ్లు ఒక్క పూట తోటకూర తిన్నా, రెండు రోజులు జ్వరంతో గంజి తాగినా అంకె ఊగిసలాడుతుంది. రోజూ కొంత తినేవాళ్లకు అంత ఊపు ఉండదు. నా తొమ్మిది నెలల కఠిన పథ్యం నన్ను ఇంకా సున్నితంగా మార్చిందన్నమాట.

మార్పు వెంటనే కనబడదు. రక్తంలో అప్పటికే ఉన్న ప్రోటీన్లు కొన్ని ఖర్చు కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి నిన్న గోంగూర తిని ఈరోజు పరీక్షలో అంకె బాగుందని సంబరపడకండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఒక చిన్న గిన్నెడు వండిన ఆకుకూర. గిన్నె మారదు, అది మా ఇంట్లో పెరుగు తోడుపెట్టే స్టీలు గిన్నె. ఈ అలవాటు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాను. పది రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేయించి, ఒకరోజు 2, ఒకరోజు 3 మిల్లీగ్రాములుగా మాత్ర సరిచేశారు. తిండికి తగ్గట్టు మందు, అంతే. మీరు మాత్రం చెప్పకుండా మొదలుపెట్టవద్దు. నా మోతాదును మీ నాన్నగారికి అసలే వాడవద్దు.

ఆకుల్లోనూ తేడాలున్నాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్ కె సుమారు 100 మైక్రోగ్రాములు. పచ్చి పాలకూర 100 గ్రాముల్లోనే దాదాపు 480 ఉంటుంది, తోటకూరలో అంతకన్నా ఎక్కువ. క్యాబేజీలో చాలా తక్కువ. చారులో వేసిన నాలుగు కొత్తిమీర రెమ్మలకు భయపడనక్కర లేదు, కానీ రెండు కట్టలు నూరి చేసిన కొత్తిమీర పచ్చడి అలంకారం కాదు, ఆకుకూరే. ఆషాఢంలో మునగాకు తినాలని అత్తగారు పట్టుబడితే, ఆ రోజు గిన్నెలో తోటకూర బదులు మునగాకు పెడతాను. రెండూ కలిపి తినను.

ఉపవాసాలతోనూ జాగ్రత్త. కార్తీక సోమవారాలు వరసగా ఉపవాసం ఉన్న ఏడాది నా అంకె 4.2కి వెళ్లింది. విరేచనాలు పట్టుకున్నా, యాంటీబయాటిక్ రాసినా అలాగే పెరగవచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నేను ముందు చెప్పేది అసిట్రామ్ పేరే. ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు మా ఇంట్లో నిషేధం.

మీ పక్కింటాయన కూడా రక్తం పలచబడే మందే వేసుకుంటూ ఆకుకూరలు హాయిగా తింటుండవచ్చు. అది అపిక్సాబాన్ లాంటి కొత్త మందు అయి ఉంటుంది, దానికి విటమిన్ కెతో పేచీ లేదు. కానీ లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు అది ఇవ్వరు, మార్చమని అడిగి లాభం లేదు.

మలం నల్లగా తారులా రావడం, మూత్రంలో ఎర్రదనం, తల తగిలేలా పడటం, ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకండి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఆయాసం గడ్డ కట్టిందనడానికి గుర్తులు, అప్పుడూ అంతే. ఇంకొకటి కాగితం మీద ఎవరూ రాసివ్వరు. రాత్రి నిశ్శబ్దంలో నాన్నగారి పక్కన కూర్చుంటే వాల్వ్ టిక్ టిక్‌మని గడియారంలా వినిపిస్తుంది. ఆ శబ్దం మీకు అలవాటైపోవాలి. ఎప్పుడైనా అది మొద్దుబారినట్టు, దిండు కింద పెట్టిన గడియారంలా వినిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.