బోల్టు నంబరు, 25 మిల్లీమీటర్ల రంధ్రం

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ రెండో ఏడాది చదువుతున్నాను. ఆర్మీలో ఆర్మరర్‌గా చేసొచ్చిన మా ఇన్‌స్ట్రక్టర్ గారు మొన్న రిటైరయ్యారు. వీడ్కోలు సభలో “ఒక రైఫిల్ బోల్టు ఇంకో రైఫిల్‌కి పెట్టొద్దు, కాల్చిన మర్నాడు కూడా బ్యారెల్ తుడవండి, ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు” అన్నారు. వచ్చే నెల అప్రెంటిస్ ఇంటర్వ్యూ ఉంది. ఈ మాటలు నాకెలా పనికొస్తాయి సార్?

జవాబు: మొదటి మాట నేరుగా మీ ట్రేడ్‌దే. పాత .303 రైఫిల్ చూస్తే, తూటాను లోపలికి నెట్టి వెనక మూసే బోల్టు మీదా బాడీ మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. తూటా వెనక అంచుకు మిగిలే చోటు సరిపోయేలా ఆ బోల్టును ఆ రైఫిల్‌కే కూర్చి ఇస్తారు. ఆర్మరర్ దాన్ని రెండు గేజ్‌లతో చూస్తాడు. 0.064 అంగుళాల గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, 0.074 గేజ్ మీద మూసుకోకూడదు. రెంటికీ తేడా పావు మిల్లీమీటరే. చోటు అంతకు మించితే కాల్చినప్పుడు ఇత్తడి తూటా గొట్టం సాగుతుంది, అడుగుకు కాస్త పైన మెరిసే గీత పడుతుంది. ఆ గీత దగ్గరే అది తెగితే వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం వైపు తన్నుతుంది. బోల్టు చూడ్డానికి ఒకేలా ఉందని మార్చేస్తే జరిగేది ఇదే.

మీ వర్క్‌షాప్‌లో ప్లగ్ గేజ్ చేసేదీ ఆ పనే. 25 H7 రంధ్రానికి గో వైపు 25.000, నో-గో వైపు 25.021 మిల్లీమీటర్లు. గో దానంతటది దిగాలి, నో-గో దిగకూడదు. గో దిగకపోతే నెట్టకండి. ముందు రంధ్రంలో చిప్స్, అంచున బర్ ఉన్నాయేమో చూసి తుడిచి మళ్లీ పెట్టండి. నెట్టిన గేజ్ అరిగిపోతుంది, ఆ తర్వాత అది తప్పు కొలతనే ఒప్పని చూపిస్తుంది. నో-గో కూడా దిగిందంటే జాబ్ పోయినట్టే. ఆ సంగతి వెంటనే చెప్పేవాడు ఏ షాపుకైనా కావాలి.

బ్యారెల్ సంగతికొస్తే, పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే క్యాప్‌లోని మందు కాలాక బ్యారెల్ లోపల ఉప్పు మిగులుతుంది. అది తేమను లాగి తుప్పు పట్టిస్తుంది. నూనెకు కరగదు కాబట్టే ముందు వేడి నీళ్లు పోసి, ఆరబెట్టి, తర్వాత నూనె రాసేవారు. మర్నాడు తుడిచే గుడ్డకు ఇంకా మసి అంటితే పని మిగిలినట్టే. లేత్ బెడ్‌కు ఉప్పు బెడద లేదు గానీ, కూలెంట్ తడి తుడవకుండా నూనె రాస్తే తెల్లారేసరికి గోధుమ మచ్చ కనిపిస్తుంది.

ఖాళీ సంగతి నేను ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో నేర్చుకున్నాను. ఇచ్చేవాడు బోల్టు తెరిచి చూపించినా, తీసుకునేవాడు మళ్లీ చూసుకోవాలి. మీరు కూడా లేత్ ముట్టుకునే ముందు చక్‌లో చక్ కీ మర్చిపోయారేమో స్వయంగా చూడండి.

ఇంటర్వ్యూలో సార్ మాటలు వల్లించకండి. గో గేజ్ దిగని ఒక జాబ్ గురించి చెప్పండి: ఏ కొలత వచ్చింది, ఎక్కడ తేడా పట్టుకున్నారు, ఏం చేశారు. ప్రాక్టికల్ రికార్డులో అలాంటి పేజీ లేకపోతే ఈ నెలలోనే రీమింగ్ జాబ్ ఒకటి చేసి రాసి పెట్టుకోండి.