ఏడాది ప్రొబేషన్ అని రాస్తే ఏడాదంతా నోటీసు లేకుండా తీసేయొచ్చా?

ప్రశ్న: నల్గొండలో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో బిల్లింగ్ ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో "ఒక సంవత్సరం ప్రొబేషన్, ఈ కాలంలో నోటీసు లేకుండా ఎప్పుడైనా తొలగించవచ్చు" అని ఉంది. సంతకం పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. నిజంగా అట్ల చేయొచ్చా?

జవాబు:

మొదటి ఆరు నెలలు దాదాపు అంతే అనుకోండి. ఆ తర్వాత మాత్రం ఆ వాక్యం అంత గట్టిగా నిలబడదు. నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు, మిర్యాలగూడలో ఒక బైకుల షోరూంలో అకౌంట్స్ చూస్తూ తెలిసింది.

2019 మే 2న చేరాను. జీతం 15,000, లెటర్‌లో మీకు రాసినట్టే ఏడాది ప్రొబేషన్. నవంబర్ 12 సాయంత్రం మేనేజర్ పిలిచి "రేపటి నుంచి రాకు, ప్రొబేషన్‌లనే ఉన్నవ్ కదా, నోటీసు ఏం అక్కర్లేదు" అన్నాడు. టేబుల్ మీద ఒక తెల్లకాగితం, పెన్నూ పెట్టాడు. "సొంత కారణాలతో మానేస్తున్నా అని రాసియ్యి, లెక్క రేపే సెటిల్ చేస్తం." అదృష్టం ఏమిటంటే, మా బావ కూడా ఒకప్పుడు ఇట్లాగే రాసిచ్చి చేతులు కాల్చుకున్నాడు. నేను పెన్ను ముట్టలేదు.

తర్వాత కార్మిక శాఖ ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి ప్రొబేషన్ ఎంతకాలం అని అడగనే లేదు. "ఏ తారీఖున చేరినవ్, ఏ తారీఖున ఆపిన్రు" అని మాత్రం అడిగాడు. ఎందుకంటే దుకాణాలు, వాణిజ్య సంస్థలకు మన రాష్ట్రంలో వర్తించే 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రొబేషన్‌ను కాదు, సర్వీసును లెక్కపెడుతుంది. 47వ సెక్షన్ ప్రకారం వరుసగా ఆరు నెలలు పనిచేసిన మనిషిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. లెటర్‌లో ఇంకోలా రాసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చింది పోదు. నాకు నవంబర్ 1కి ఆరు నెలలు నిండాయి. పదకొండు రోజుల తేడాతో గట్టెక్కాను.

లెక్క ఇట్లా తేలింది: నవంబర్‌లో పనిచేసిన 12 రోజులకు రోజుకు 500 చొప్పున 6,000, నోటీసు బదులు ఒక నెల జీతం 15,000, మొత్తం 21,000. షోరూం వాళ్లు మొదట "వాడే మానేశాడు" అన్నారు. నేను రాజీనామా రాసిచ్చి ఉంటే ఆ మాటే నిలిచేది, 15,000 పోయేది. రాసిన కాగితం లేదు కాబట్టి మూడోసారి పిలిచినప్పుడు కట్టారు.

అదే నన్ను అక్టోబర్‌లో తీసేసి ఉంటే ఈ సెక్షన్ కింద ఆ నెల జీతం అడగడానికి ఉండేది కాదు. పని నచ్చలేదని పంపేయడానికే కదా ప్రొబేషన్ పెట్టుకునేది. అయితే అప్పుడు కూడా పనిచేసిన రోజుల జీతం ఆపుకోవడం కుదరదు. "క్యాష్ తగ్గింది, నువ్వే తీశావ్" అని లెటర్‌లో రాసి పంపడం కూడా వేరే సంగతి. అది పని నచ్చకపోవడం కాదు, నేరం మోపడం. దానికి విచారణ పెట్టి మీ మాట వినాలి.

ఇంకోటి, పీఎఫ్. "ప్రొబేషన్ అయ్యాక మొదలుపెడతాం" అంటారు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, బేసిక్, డీఏ కలిపి 15,000 లోపు ఉన్నవాళ్లకు చేరిన రోజు నుంచే కట్టాలి. నా బేసిక్ 10,000. స్లిప్పులో నెలకు 1,200 కోత కనిపించేది, పాస్‌బుక్ తెరిస్తే నాలుగు నెలలు ఖాళీ. మొదటి జీతం పడ్డాక ఒక నెల ఆగి మీరూ పాస్‌బుక్ చూడండి.

సంతకం పెట్టే ముందు ఆ లెటర్‌లో ఇంకో గీత వెతకండి: మీరు మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు? వాళ్లకు సున్నా, మీకు ముప్పై అని ఉంటే ఇద్దరికీ ఒకటే చేయమని అడగండి, చాలామంది మార్చి ఇస్తారు. ఏడాది అయ్యాక ఎవరూ ఏమీ చెప్పకపోతే దానంతట అదే పర్మనెంట్ అయిపోయినట్టు అనుకోవద్దు. పొడిగించారా, కన్‌ఫర్మ్ చేశారా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫ్యాక్టరీ ఉద్యోగానికి రూల్స్ వేరు, నేను చెప్పింది షోరూం, దుకాణం, ఆఫీసుల సంగతి.

చేరిన రోజు హాజరు రిజిస్టర్‌లో మీ పేరున్న పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. నా దగ్గర అది లేక, జూన్‌లో చేరానని వాళ్లు వాదిస్తే మే జీతం పడిన బ్యాంకు మెసేజ్ చూపించి బయటపడ్డాను.