నైవేద్యం వేళ తెర ఎందుకు వేస్తారు?

గుడిలో దర్శనం అంటే స్వామిని చూడటమేనా? మరి నైవేద్యం పెట్టేటప్పుడు తెర ఎందుకు వేస్తారు, తర్వాత అందరికీ ఎందుకు పంచుతారు?

దర్శనంలో చూపు రెండువైపులా ఉంటుంది. మనం స్వామిని చూస్తాం, స్వామి మనల్ని చూస్తాడు. ప్రతిష్ఠలో విగ్రహానికి కళ్ళు తెరిపించే నయనోన్మీలనం అంత ముఖ్యం కావడం అందుకే. చాలామంది తీరా గర్భగుడి ముందుకొచ్చాక కళ్ళు మూసుకుంటారు. అక్కడ కళ్ళు తెరిచే ఉంచండి, పాదాల నుంచి ముఖం దాకా చూడండి. ధ్యానం తర్వాత మండపంలో కూర్చుని చేసుకోవచ్చు.

ఆరగించే వేళ స్వామికి దిష్టి తగలకూడదని తెర వేస్తారు. వండినవాళ్ళు కూడా ముందుగా రుచి చూడరు, ఉప్పు చేతి అంచనాతోనే పడాలి. అర్చకులు పాత్ర చుట్టూ నీళ్ళు తిప్పి, "ప్రాణాయ స్వాహా" అంటూ మొదలుపెట్టి ఐదు ప్రాణాలకూ నివేదిస్తారు. ఆ తర్వాత పులిహోర వండించిన దాతది కాదు, స్వామి తినగా మిగిలింది. కాబట్టి దాతకైనా, దారినపోయేవారికైనా అదే గంటెతో పెడతారు.

శివాలయంలో ఒక తేడా ఉంది. శైవాగమ పద్ధతిలో లింగం మీద ఉంచిన పదార్థం శివుడి పరివారంలోని చండేశ్వరుడి భాగం, దాన్ని భక్తులు తినరు.