నడుము నొప్పికి ఏ ఫోమ్ పరుపు మంచిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38, బరువు 84 కిలోలు. ఆరు నెలలుగా తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తోంది. లేచి కాసేపు తిరిగితే తగ్గుతుంది. రోజూ రాత్రి ఒక డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నాను, బాగానే పనిచేస్తోంది. పరుపు పాతది, మధ్యలో గుంట పడింది. పక్కకు తిరిగి పడుకునే అలవాటు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. 40 డెన్సిటీ హెచ్‌ఆర్, 50 డెన్సిటీ మెమరీ, 90 డెన్సిటీ రీబాండెడ్, లేటెక్స్‌లలో నడుముకు ఏది మంచిది? డెన్సిటీ పెరిగితే గట్టిదనం పెరుగుతుందా?

జవాబు: పరుపు సంగతికి తప్పక వస్తాను. అంతకంటే ముందు ఆరు నెలలుగా సొంతంగా వేసుకుంటున్న ఆ మాత్ర గురించి మాట్లాడాలి. డైక్లోఫెనాక్‌ను రోజూ నెలల తరబడి వాడితే కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, రక్తపోటు పెరగవచ్చు. గుండెపోటు ముప్పు కూడా కొంత పెరుగుతుంది. కడుపులో పుండు చాలామందిలో నొప్పి లేకుండానే పెరిగి, రక్తస్రావమయ్యాకే బయటపడుతుంది. మాత్ర బాగా పనిచేయడం మీకు ధైర్యాన్నిచ్చింది కానీ, నాకు అనుమానం కలిగిస్తున్నది అదే. 45 ఏళ్లలోపు మొదలై మూడు నెలలు దాటినా తగ్గని నడుము నొప్పి, రాత్రి రెండో సగంలో నిద్ర లేపుతూ, విశ్రాంతితో తగ్గకుండా కదలికతో తగ్గుతూ, ఈ రకం మాత్రలకు చక్కగా లొంగుతుంటే, వెన్ను కీళ్లలో వాపు ఉందేమోనని చూడాల్సిందే. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఇలాగే మొదలవుతుంది. మీకు అదే ఉందని ఇక్కడినుంచి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే ఏళ్ల తరబడి పరుపుల మీద పరుపులు మార్చి, చివరికి నడుము వంగడం కష్టమయ్యాక మా దగ్గరకు వచ్చినవారిని చూశాను కనుక, ఇంకో మాత్రల స్ట్రిప్ కొనకముందే కీళ్ల వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టును కలవమని గట్టిగా చెబుతున్నాను.

పరుపు పాత్ర ఎంతో తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక ప్రయత్నం చేయవచ్చు. వారం రోజులు గుంట లేని వేరే మంచం మీద పడుకోండి. నొప్పి స్పష్టంగా తగ్గితే పరుపుకు అందులో భాగముంది. మూడు గంటలకే మునుపటిలా మెలకువ వస్తుంటే నేరం పరుపుది కాకపోవచ్చు. గుంటను కొలవాలంటే దుప్పటి తీసి, పరుపుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక దారం బిగించి కట్టి, తుంటి ఆనే చోట దారానికీ పరుపుకూ మధ్య స్కేలు నిలబెట్టండి. ఎవరూ పడుకోకుండానే మూడు నాలుగు సెంటీమీటర్లు కనిపిస్తే, మీ బరువు పడ్డాక నడుము ఇంకెంత కుంగుతుందో ఊహించుకోండి. అలాంటి పరుపును, మీ జబ్బు ఏదైనా సరే, మార్చవలసిందే.

డెన్సిటీకీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది మాత్రమే, కాబట్టి ఒకే రకం ఫోమ్‌లో అది మన్నికను సూచిస్తుంది. 40 డెన్సిటీలోనే మెత్తని ఫోమూ గట్టి ఫోమూ తయారుచేయవచ్చు. గట్టిదనాన్ని వేరే పరీక్షతో కొలుస్తారు. ఎనిమిది అంగుళాల గుండ్రని పలకతో ఫోమ్‌ను దాని మందంలో పాతిక శాతం లోపలికి నొక్కడానికి ఎంత బలం కావాలో చూస్తారు. తర్వాత 65 శాతం వరకు నొక్కి, ఆ బలం మొదటిదానికి ఎన్ని రెట్లో లెక్కిస్తారు. నడుముకు ఆసరా ఇచ్చేది ఈ రెండో లెక్కే. మామూలు పీయూ ఫోమ్‌లో అది రెండు రెట్ల లోపే ఉంటుంది కనుక తుంటి ఆగకుండా దిగిపోతుంది. హెచ్‌ఆర్ అంటే హై రెసిలియెన్స్, నొక్కి వదిలితే చటుక్కున తేరుకునే ఫోమ్. మంచి హెచ్‌ఆర్ ఫోమ్‌లో అది దాదాపు రెండున్నర రెట్లు ఉండడం వల్ల పైన మెత్తగా తగిలినా లోపల నిలబెడుతుంది.

రీబాండెడ్‌కు చెప్పే 90 అంకెను చూసి మోసపోకండి. అది ఫోమ్ ముక్కలను జిగురుతో అదిమి అచ్చుపోసిన దిమ్మ, ఆ బరువు అక్కడినుంచి వచ్చింది. పక్కకు తిరిగి పడుకునేవారికి దానిమీద భుజం, తుంటి నొక్కుకుపోతాయి, నడుము గాలిలో వేలాడుతుంది. నడుము నొప్పికి చెక్కలాంటి పరుపే మేలన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిపై జరిగి, 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో బాగా గట్టి పరుపుల కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నవాటి మీద పడుకున్నవారే 90 రోజుల తర్వాత ఎక్కువ ఉపశమనం పొందారు. అది ప్రత్యేక కారణమేదీ లేని నొప్పి ఉన్నవారికి సంబంధించిన ఫలితమని మాత్రం గుర్తుంచుకోండి.

మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి, శరీరం చుట్టూ ఒదిగిపోతుంది. ఆ ఒదుగుడు భుజానికి సుఖమే కానీ, చర్మం ఎక్కువ భాగం ఫోమ్‌కు ఆనుకోవడంతో గాలి ఆడక వేడి నిలిచిపోతుంది. పైన జెల్ పొర ఉన్నా ఆ చల్లదనం మొదట్లో కాసేపే, తర్వాత అదీ ఒంటి వేడికి చేరుతుంది. దీనికంటే నన్ను ఆలోచింపజేసేది మరొకటి. నొక్కిన చోట మెల్లగా తేరుకునే గుణం వల్ల, నడుము బిగుసుకుపోయినవారు ఆ గుంటలోంచి పక్కకు తిరగడానికే కష్టపడతారు. మీ లక్షణాలకు మందపాటి మెమరీ పొరను నేను సిఫారసు చేయను. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ వెంటనే తేరుకుంటుంది, దానిలోని సన్నని రంధ్రాల వల్ల గాలి కూడా మెరుగ్గా ఆడుతుంది. రబ్బరు తొడుగులు తగిలితే దద్దుర్లు వచ్చేవారు మాత్రం కొనేముందు వైద్యుణ్ణి అడగాలి.

మీ బరువుకు, మీరు పడుకునే తీరుకు అడుగున నాలుగైదు అంగుళాల 40 డెన్సిటీ హెచ్‌ఆర్, పైన రెండు అంగుళాల మెత్తని లేటెక్స్ సరిపోవచ్చు. చెప్పిన డెన్సిటీ నిజమో కాదో తూకంతో కొంత తెలుస్తుంది. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న పరుపు మొత్తం 40 డెన్సిటీ ఫోమే అయితే కవరు కాకుండా సుమారు 17 కిలోలు ఉండాలి. పన్నెండు కిలోలే తూగితే అది 28 డెన్సిటీ. పొరలున్న పరుపులో చెప్పే అంకె తరచుగా పైపొరదే అయి ఉంటుంది, కాబట్టి ప్రతి పొర డెన్సిటీ విడిగా అడగండి.

కొనేముందు పక్కకు తిరిగి కనీసం పది నిమిషాలు పడుకుని, వెంట వచ్చినవారిని వెనకనుంచి చూడమనండి. మెడ నుంచి నడుము కింది వరకు వెన్ను ఒకే గీతలా ఉండాలి. నడుము పక్క ఖాళీలోకి అరచెయ్యి ఇట్టే దూరిపోతే పరుపు గట్టిది, తుంటి దిగిపోయి వెన్ను కిందికి వంగితే మెత్తనిది.

రుమటాలజిస్టు దగ్గరకు వెళ్లేలోగా వారం రోజులు ఏ గంటకు మెలకువ వచ్చింది, బిగుతు ఎన్ని నిమిషాలకు సడలింది, మాత్ర వేసుకున్నారా లేదా అన్నది రాసిపెట్టండి. కళ్లు ఎర్రబడి నొప్పి రావడం, సోరియాసిస్, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నడుము నొప్పి ఉంటే అవీ చెప్పండి. రక్తపోటు, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. హెచ్‌ఎల్‌ఏ బి27 పరీక్ష, ఎంఆర్‌ఐ అవసరమా అన్నది మిమ్మల్ని పరీక్షించిన వైద్యులు నిర్ణయిస్తారు. మలం నల్లగా వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.