యాభై మాటల్లో సుబ్బారావు గారు: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

లైబ్రరీ గోడకి పెట్టే ఫలకం కోసం నువ్వు రాసిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పరిచయం చదివాను. మూడు పేజీలు. వివరాలన్నీ శ్రద్ధగా సేకరించావు. లైబ్రేరియన్ గారు యాభై మాటలకి మించకూడదన్నారని, ఏది తీసేసినా అన్యాయం చేసినట్టు ఉంటోందని రాశావు. నువ్వు పంపిన కుదించిన ప్రతి కూడా చూశాను. ముందు దాని గురించే మాట్లాడదాం.

"భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, ఏటీపీ, ఫోలిక్ యాసిడ్, హెట్రజాన్, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ వంటి అనేక ఆవిష్కరణల్లో విశేష కృషి చేసిన మహనీయుడు..." అని రాశావు. మూడు పేజీల్లో ఉన్న ప్రతి విషయాన్నీ ఒక్కో మాటకి కుదించావు. ఏదీ వదల్లేదు కాబట్టి న్యాయం చేశానని నీకు అనిపిస్తుంది. కానీ లైబ్రరీలోకి పేపరు చదవడానికి వచ్చినవాడికి ఆ అయిదు పేర్లలో ఒక్కటి కూడా గుర్తుండదు. ఆయన ఏం చేశాడని ఇంటికెళ్ళాక ఎవరైనా అడిగితే "పెద్ద సైంటిస్టు అట" అంటాడు. అంటే ఆ పరిచయంలో అసలు ఘనత పోయినట్టే.

కాబట్టి అన్నిటినీ సమానంగా కోయడం మానెయ్. ముందు ఒక్క ఘనతని ఎంచుకో. దానికి సుమారు సగం మాటలు ఇచ్చెయ్. మిగతా జీవితం మిగిలిన చోటులో సర్దుకోవాలి.

ఎంచుకోవడమే కష్టం. నేనైతే ప్రతి ఘనత పక్కనా మూడు ప్రశ్నలు రాసుకుంటాను. దీనివల్ల ఎవరి బతుకు మారింది? ఇందులో ఈయన చెయ్యి ఎంత? ఫలకం చదివేవాడికి ఇది వివరణ లేకుండా అర్థమవుతుందా?

నీ జాబితానే తీసుకుందాం. ఆరియోమైసిన్ గొప్ప యాంటీబయాటిక్, సందేహం లేదు. కానీ దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు గారు, డగ్గర్ పనిచేసిన లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్ద. యాభై మాటల్లో ఈ తేడా చెప్పే చోటు లేదు. చెప్పకపోతే వేరేవాళ్ళ పని ఈయన ఖాతాలో పడుతుంది. తీసెయ్. జీవకణానికి శక్తినిచ్చే ఏటీపీ సంగతి వేరు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన దాన్ని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ కూడా విడిగా అక్కడికే చేరుకున్నాడు. అందుకే "ఏటీపీని మొట్టమొదట కనిపెట్టిన ఏకైక శాస్త్రవేత్త" అన్న నీ వాక్యం నిలవదు. "ఫిస్కేతో కలిసి వెలికితీశారు" అంటే నిజం, మాటలు కూడా తక్కువ.

హెట్రజాన్ దగ్గర నేనూ చాలాసేపు ఆగాను. బోదకాలుకి వాడే డీఈసీ మాత్ర అదే. గోదావరి జిల్లాల్లో ఆ మాత్ర తెలియని ఇల్లు అరుదు. నీ ఫలకం ఫైలేరియా క్లినిక్ గోడకి వెళ్ళేదైతే దాన్నే ముందు పెట్టమనేవాణ్ణి. బయోకెమిస్ట్రీ విభాగం వరండాలో అయితే ఏటీపీని. ఫలకం ఎక్కడ ఉంటుందో తెలియకుండా బలమైన ఘనత ఏదో తేల్చలేం.

లైబ్రరీకి అన్ని రకాల జనం వస్తారు. అందుకని నీ జాబితాలోని మెథోట్రెక్సేట్ కంటే ముందొచ్చిన, అలాంటిదే అయిన అమైనోప్టెరిన్ మందుని ఎంచుకున్నాను. అప్పట్లో పిల్లలకి రక్తక్యాన్సర్ వస్తే డాక్టర్ల దగ్గర మందు లేదు. కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలని లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిని పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసం ప్రకారం, అమైనోప్టెరిన్ ఇచ్చిన పదహారు మంది పిల్లల్లో పదిమందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే, నయం కాలేదు. కానీ మందుతో ఆ జబ్బుని వెనక్కి నెట్టవచ్చని తెలిసింది అప్పుడే. ఫోలిక్ యాసిడ్ మీద ఆ బృందం పడ్డ శ్రమ కూడా ఈ ఘనతలోకే వచ్చి చేరింది కాబట్టి దాని పేరు విడిగా రాయక్కర్లేదు.

ఇదీ నేను రాసిన ప్రతి:

"రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు మందే లేని రోజుల్లో, ఎల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ కంపెనీ బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్ మందు ఆ వ్యాధిని తొలిసారి కొన్ని నెలలపాటు వెనక్కి నెట్టింది. అదే బృందం చేసిన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో పరిశోధకుడిగా జీవకణానికి శక్తినిచ్చే ఏటీపీని సహచరుడు ఫిస్కేతో కలిసి వెలికితీశారు. 1948లో 53 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు."

లెక్కపెట్టుకో, సరిగ్గా యాభై. మొదటి రెండు వాక్యాలకే సగానికి పైగా పోయాయి. పుట్టుక మూడో వాక్యానికి వెళ్ళింది. పరిచయం పుట్టిన ఊరితోనే మొదలవ్వాలని మనకి అలవాటైపోయింది. నిలబడి చదివేవాడి ఓపిక మొదటి వాక్యం మీదే ఎక్కువ ఉంటుంది, అక్కడ పుట్టినరోజు పెడితే ఆ ఓపిక వృథా.

"నేతృత్వంలోని బృందం" అన్న మాటలు బరువుగా ఉన్నాయని, వాటిని కొట్టేస్తే రెండు మాటలు మిగులుతాయని నీకు అనిపించవచ్చు. వద్దు. అవి తీసేస్తే వాక్యం అబద్ధమవుతుంది. "కొన్ని నెలలపాటు" కూడా అంతే. అది లేకపోతే 1948లోనే రక్తక్యాన్సర్ నయమైపోయిందని చదివేవాడు అనుకుంటాడు. కుదింపులో ముందు తెగేవి ఇలాంటి మాటలే, అందుకే వాటిని చివరిదాకా కాపాడు. కొట్టేయాల్సింది "విశేష", "అనేక", "వంటి", "మహనీయుడు" లాంటివి. వాటిని తీసుకెళ్ళి ఏ ఫలకం మీద పెట్టినా అతుక్కుంటాయి, అంటే సుబ్బారావు గారి గురించి అవి ఏమీ చెప్పడం లేదు.

పదాలు కలిపి రాసి లెక్క తగ్గించే పని మాత్రం చెయ్యకు. "వైద్యవిద్యాభ్యాసానంతరం" అని రాస్తే ఒక్క మాటే అవుతుంది, కానీ చదివేవాడి నోరు తిరగదు. ఫలకానికి కావాల్సింది చోటు, దాన్ని కొలిచేది అక్షరాలు. యాభై మాటలని పెయింటర్‌కి చూపించి ఎన్ని వరుసలు పడతాయో అడుగు. వరుసలు ఎక్కువైతే ముందుగా "మద్రాసులో వైద్యం చదివి" తీసెయ్, తర్వాత చివరి వాక్యం. ఏటీపీని ఆ తర్వాతే ముట్టుకో. మొదటి రెండు వాక్యాలు మాత్రం కదలకూడదు.

సరిపోయిందో లేదో తెలియాలంటే సైన్సు చదవనివాళ్ళు ఒకరికి ఒక్కసారి చదివి వినిపించు. కాగితం పక్కన పెట్టి, ఈయన ఏం చేశాడని అడుగు. "పిల్లల క్యాన్సర్ మందు" అంటే చాలు. "అమెరికాలో ఉండేవాడట" అంటే మొదటి వాక్యానికి ఇంకా పట్టు దొరకలేదన్నమాట, మళ్ళీ కూర్చో.

ఖద్దరు గౌను వేసుకున్నందుకు తెల్లదొర ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చిన కథని వదులుకోలేకపోతున్నానన్నావు. నాకూ అది ఇష్టమే. అర్థమయ్యేలా చెప్పాలంటే దానికే నలభై మాటలు కావాలి. నీ మూడు పేజీల వ్యాసంలో దాన్ని అలాగే ఉంచి, లైబ్రరీ వార్షిక సంచికకి పంపు. ఫలకం ప్రూఫ్ వచ్చాక సంవత్సరాలూ, అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్షరాలూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. ఒకసారి రాయించాక దిద్దడం పెద్ద పని.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య